షూ అడుగు బాగానే ఉంది, లోపలి ఫోమ్ పోయిందేమో. మార్చేయాలా?

విజయవాడలో పొద్దున్నే కృష్ణ ఒడ్డున పరిగెడతాను. నా రన్నింగ్ షూ కొని మూడేళ్లు దాటింది కానీ యాప్‌లో 400 కిలోమీటర్లే చూపిస్తోంది. మామూలుగా 500 నుంచి 800 దాకా వస్తాయంటారు కదా. అడుగు రబ్బరు డిజైన్ ఇంకా లోతుగానే ఉంది, మడమ బయటి అంచు మాత్రం కాస్త అరిగింది.

నా అనుమానమంతా ఫోమ్ మీదే. మడమ పక్కన అడ్డంగా పడ్డ ముడతలు షూ విప్పేశాక కూడా పోవట్లేదు. బొటనవేలితో నొక్కితే గట్టిగా తగులుతోంది. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే కుడిది బయటికి ఒరుగుతోంది. పరుగయ్యాక మోకాళ్లు పట్టేస్తున్నాయి. అదే దారిలో కొత్త జత వేసుకుంటే ఆ బాధ లేదు.

మన ఎండలకు ఫోమ్ వయసుతోనే గట్టిపడిందనుకోవాలా? ముడతలు ఎంతవరకు మామూలు? కనీసం నడకకైనా వాడొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.