ఆర్ట్ సిల్క్ చీరకు తెలుగులో పేరు ఎలా రాయాలి?

అడిగినవారు: ఒక ఆన్‌లైన్ దుకాణం ఇంగ్లీషు కేటలాగ్‌ను తెలుగులో రాస్తున్నాను. ఒక చీర పేరు “కాంజీవరం ఆర్ట్ సిల్క్ వోవెన్ శారీ విత్ రన్నింగ్ బ్లౌజ్”. నాకంటే ముందు రాసినవాళ్ళు “కంచి పట్టు చీర, నడిచే జాకెట్టుతో” అని పెట్టారు. జాకెట్టు సంగతి తప్పని తెలుస్తోంది. కంచి పట్టు ఉంచవచ్చా?

చీరల వ్యాపారి: ఉంచకండి. ఇక్కడ ఆర్ట్ అంటే ఆర్టిఫిషియల్. పట్టుపురుగు దారం కాదు, ఎక్కువగా పాలిస్టరో విస్కోసో ఉంటుంది. ఏ దారమో అమ్మకందారుని అడిగి, ‘బట్ట’ అనే వరుసలో అదే రాయండి. కంచి పట్టుకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు చూసి కొన్నవాళ్ళు చీర ముట్టుకోగానే వెనక్కి పంపుతారు. సరుకు వర్ణన సరుకుకు సరిపోవాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు కూడా చెబుతున్నాయి.

మరొకరు: కలిపిన దారమే కదా, “కలనేత పట్టు” అంటే అందంగా ఉంటుంది.

నేత కుటుంబం నుంచి: కలనేత అంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. అటూ ఇటూ కదిపితే చీర రంగు మారినట్టు మెరుస్తుంది. దారాల మిశ్రమానికి ఆ మాట వాడితే కలనేత కోసం వెతికేవాళ్ళకు వేరే చీర చూపించినట్టవుతుంది.

ఇంకొకరు: మా అమ్మకు వచ్చిన చీరలోనూ రన్నింగ్ బ్లౌజ్ అని రాశారు, కానీ జాకెట్టు ముక్కే లేదు! ఎవరికి ఫిర్యాదు చేయాలి?

చీరల వ్యాపారి: తొందరపడకండి అండీ, ముందు చీర కొలవండి. 6.3 మీటర్లు ఉంటే ముక్క అందులోనే ఉంది. చీర 5.5, చివరన 0.8 జాకెట్టుకు. కత్తిరించి కుట్టించుకోవాలి. 5.5 మాత్రమే ఉంటే అప్పుడు ఫిర్యాదు చేయండి. అందుకే పాయింట్లలో “జాకెట్టు ముక్క చీరకే కలిసి ఉంటుంది, విడిగా రాదు, కుట్టి ఉండదు” అని పూర్తి వాక్యం రాయాలి.

అడిగినవారు: అయితే ఇలా రాస్తాను: “ఆర్ట్ సిల్క్ చీర, నేసిన జరీ అంచు, కంచి తరహా డిజైన్, జాకెట్టు ముక్కతో”. ఫోన్‌లో పేరు చివర తెగిపోతుంది కాబట్టి బట్ట ముందు పెట్టాను.

నేత కుటుంబం నుంచి: “నేసిన” అనే ముందు ఫొటోలో అంచు వెనక వైపు చూడండి. నేసినదైతే వెనక జరీ పోగులు కనిపిస్తాయి, అచ్చు వేసిందైతే వెలిసినట్టు ఉంటుంది. “కంచి తరహా” మాత్రం నాకు నచ్చలేదు. తరహా అనే మాట ఎవరి కంటా పడదు, కంచి ఒక్కటే పడుతుంది.

చీరల వ్యాపారి: అది తీసేస్తే కంచి అని వెతికేవాళ్ళకు ఈ చీర దొరకదు. పెద్ద అంచు, గుడి బొమ్మలు చూసి కొనేవాళ్ళు అలాగే వెతుకుతారు.

నేత కుటుంబం నుంచి: “పెద్ద అంచు, గుడి బొమ్మలు” అనే రాయవచ్చు కదా. నేనైతే అంతవరకే రాస్తాను.