కృత్రిమ వీడియోలో పుట్టపాక చీర నమూనా మారిపోతోంది, ఎందుకు?

చేనేత_నల్లగొండ: ఒక ఫొటో ఇచ్చి, పుట్టపాక చీరలో యువతి నడిచి వచ్చే ఐదు సెకన్ల వీడియో చేయించాను. నడక బాగుంది. కానీ కొంగు చేతి వెనక్కి వెళ్లి బయటికి రాగానే గడిలోని ఏనుగు కాస్తా పువ్వయింది. చిటికి కట్టి రంగులద్దే మా పనిలో ఒక్క పోగు జరిగినా కొనేవాళ్లు పట్టేస్తారు. దీన్ని ఎవరికి చూపించను?

పాలమూరు_ఎడిటర్: ఒక్కో ఫ్రేము ఒక్కో రకం అడ్డదిడ్డపు చుక్కల నాయిస్‌తో మొదలవుతుంది, అందుకే అలా. అన్నింటికీ ఒకే నాయిస్ పెడితే కుదురుకుంటుంది.

దేవరకొండ_కోడ్: అది సగమే నిజం అన్నా. ఫ్రేములను విడివిడిగా తీస్తే వీడియో మిణుకుమిణుకుమంటుంది, నిజమే. ఒకే నాయిస్ పెడితే మరో తంటా: మనిషి కదులుతుంది, నమూనా మాత్రం తెరకే అతుక్కుపోతుంది. సన్నని వివరాలు ఆ చుక్కలు ఉన్నచోటనే పుడతాయి మరి.

ఇప్పటి మోడళ్లు ఫ్రేములన్నింటి నాయిస్‌నూ కలిపి ఒకే దిమ్మగా తీసుకుని అంచెలంచెలుగా తగ్గిస్తాయి. ప్రతి అంచెలోనూ ఒక ఫ్రేములోని భాగం మిగతా ఫ్రేములనూ చూసుకుంటుంది. ఆ లెక్క భారం తగ్గించడానికి ముందే కుదింపు ఉంటుంది. వాన్ 2.1 అనే వీడియో మోడల్‌లో 81 ఫ్రేములు 21 పొరలవుతాయి, 832×480 బొమ్మ 104×60 గడులవుతుంది. నాలుగు ఫ్రేములలో 8×8 పిక్సెళ్ల ముక్కకు 768 సంఖ్యలుంటే, వాటి స్థానంలో 16 మిగులుతాయి. మీ ఏనుగు అంత చిన్నదైతే దాని తొండం అక్కడే పోతుంది. పైగా మనిషి, నడక తొలి అంచెల్లోనే ఖాయమవుతాయి, సన్నని పని చివర్లో వస్తుంది. అందుకే నడక బాగుండి నమూనా చెడింది.

సాగర్_కట్ట: నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన దృశ్యం చేశాను, ఒక్క లోపం లేదు. వేరే టూలు వాడి చూడండి.

దేవరకొండ_కోడ్: నురగలో ఏ చుక్క ఎటు పోయిందో ఎవరు చూస్తారండీ! గేట్లు లెక్కపెట్టండి, 26 ఉండాలి.

సాగర్_కట్ట: మొదట్లో 23, చివర్లో 25. కొత్తవి ఎప్పుడు కట్టారో!

చేనేత_నల్లగొండ: ఫొటోలో ఏనుగు స్పష్టంగానే ఉంది కదా, మళ్లీ దాన్నే చూసి గీయొచ్చుగా?

దేవరకొండ_కోడ్: చూస్తుంది. కానీ బయటికి వచ్చిన గుడ్డ ఫొటోలోని ఏ గడిదో దానికి ఎవరూ చెప్పరు. కొంగు తిరిగింది, మడత పడింది. దాని దగ్గర చీర అనే వస్తువు లేదు, చీరలా కనిపించడం ఎలాగో మాత్రమే ఉంది. కొంగుకు చేయి అడ్డుపడకుండా, దగ్గరగా తీసిన ఫొటో ఇచ్చి, మనిషిని నిలబెట్టి కెమెరానే నెమ్మదిగా జరపమనండి. ఫలితాన్ని మామూలు వేగంతో చూస్తే కన్ను మోసపోతుంది, ఫ్రేములు విడదీసి పక్కపక్కన పెట్టండి:

```
ffmpeg -i cheera.mp4 -vf fps=4 f_%03d.png
```

పాలమూరు_ఎడిటర్: పది సెకన్లు కావాలని చివరి ఫ్రేము నుంచి పొడిగించకండి. ఒక్క ఫ్రేములో వేగం ఉండదు, అతుకు దగ్గర నడక తడబడుతుంది. గుడ్డ కదిలిన దారిలోనే నాయిస్‌ను కూడా జరిపే పద్ధతి ఉందట, దాంతో కుదరదా?

దేవరకొండ_కోడ్: కనిపించే గుడ్డకు మేలు చేస్తుంది. మడతలోంచి కొత్తగా బయటపడే భాగానికి మాత్రం కొత్త నాయిస్సే నింపాలి. కుచ్చిళ్ల మీద ఎంతవరకు నిలుస్తుందో ఎవరైనా చేసి ఉంటే ఫ్రేములు పెట్టండి.