60 అడుగుల వల, ఒక పక్క గోడ: ఎక్కువ మడి ఎలా వస్తుంది? (బెంగళూరు)

హోస్కోటె_గోంగూర:
నమస్కారమండీ. హోస్కోటె దగ్గర మా ఇంటి వెనక కాస్త ఖాళీ ఉంది. గోంగూర, తోటకూర వేశాం గానీ వీధికుక్కలు వచ్చి మడిలోనే పడుకుంటున్నాయి. 60 అడుగుల ఇనుప వల చుట్ట తెచ్చాను. ఒక పక్క గోడ ఉంది కాబట్టి మూడు పక్కలకే వల కావాలి. మా అమ్మాయి పదకొండో తరగతి. అంకమధ్యమం, గుణమధ్యమం అంటూ లెక్క వేసి గోడ వెంట 20, లోపలికి 20 పెట్టమంది. అంటే 400 చదరపు అడుగులు. నేను నేల మీద తాడు పరిచి గోడ వెంట 28, లోపలికి 16 పెట్టి చూస్తే 448 వచ్చింది! లెక్క కంటే తాడు ఎక్కువ ఎలా ఇచ్చింది? పిల్ల పొద్దుట్నుంచీ కాగితం వదలడం లేదు.

మారతహళ్లి_రఘు:
చతురస్రమే ఎక్కువ అన్నా, ఇది అందరికీ తెలిసిందే. మీ తాడు సాగి ఉంటుంది, టేపుతో కొలవండి.

హోస్కోటె_గోంగూర:
టేపుతోనే కొలిచానండీ. 28కి రెండు పదహార్లు కలిపితే సరిగ్గా 60.

థర్టీ_ఫార్టీ:
నాదీ ఇదే బాధ. మా సైటు 30 x 40, చుట్టూ గోడ 140 అడుగులు పడింది. అదే గోడతో ఇంకా పెద్ద సైటు వచ్చేదని మా బావమరిది అంటున్నాడు. నేను నష్టపోయానా?

లెక్కల_పిచ్చి:
ముందు సైటు సంగతి చెప్తాను, మడికీ అదే పనికొస్తుంది. నాలుగు పక్కలా గోడ అయితే పొడవు, వెడల్పు కలిపి 70. సగం 35. మీది 35కి 5 ఎక్కువ, 35కి 5 తక్కువ. (35 + 5)(35 − 5) అంటే 35 x 35లోంచి 5 x 5 తీసేసినట్టు. 1225 రావలసిన చోట 1200 వచ్చింది. పోయింది 25 చదరపు అడుగులే, దానికి బావమరిదితో గొడవ వద్దు. అదే 20 x 60 సైటు అయితే గోడ 160, పొడవు, వెడల్పు కలిపి 80, సగం 40, దాన్నుంచి తేడా 20. అక్కడ పోయేది 400.

రెండు సంఖ్యల మొత్తం కదలకుండా ఉంటే, అవి సగం నుంచి ఎంత జరిగితే ఆ జరిగినదాని వర్గం లబ్ధంలోంచి పోతుంది. మధ్యమాల అసమానతకు ప్రాణం ఇదే.

ఇప్పుడు గోంగూర గారి మడి. గోడ వెంట పొడవు x, లోపలికి y అనుకుందాం. కదలనిది x + y కాదు, x + 2y = 60. అందుకే జత కట్టాల్సింది x, 2y. వాటి మొత్తం 60, సగం 30, లబ్ధం 900 దాటదు. అంటే x·2y ≤ 900, కాబట్టి xy ≤ 450. x = 2y అయినప్పుడే సరిగ్గా 450 అవుతుంది: గోడ వెంట 30, లోపలికి 15. సగం వల గోడ వెంట, మిగతా సగం రెండు పక్కలకూ అన్నమాట. మీ తాడు లెక్కా ఇందులోనే ఉంది. 28, 32 అనేవి 30కి రెండేసి దూరం. 900లోంచి 4 పోతే 896, అందులో సగం 448.

అమ్మాయి కాగితంలో x, y, y అని మూడు రాసి ఉంటుందని నా అనుమానం. చూసి చెప్పండి.

హోస్కోటె_గోంగూర:
అచ్చం అదే ఉంది! మూడింటి మొత్తం 60, కాబట్టి ఒక్కోటీ 20 అని రాసింది. మొత్తం కదలడం లేదు కదా, మరి తప్పెలా అయింది?

లెక్కల_పిచ్చి:
అసమానత తప్పు కాదు. ఆ మూడూ సమానమైనప్పుడు పెద్దదయ్యేది x·y·y. మనకు కావలసింది xy. పిల్ల వేరే ప్రశ్నకు సరైన జవాబు రాసింది. జత కట్టిన ముక్కల మొత్తం కదలకూడదు, వాటి లబ్ధం మనకు కావలసిన వైశాల్యమే కావాలి, లేదా దానికి 2 రెట్లో 3 రెట్లో కావాలి. ఈ రెండూ చూసుకోమనండి. నేనూ ఆ వయసులో ఇదే పొరపాటు చేశాను, అందుకే కాగితం చూడకుండా చెప్పగలిగాను.

హోస్కోటె_గోంగూర:
అయ్యో, 30 పెడదామని వెళ్తే గోడ 24 అడుగులే ఉంది! ఆ తర్వాత ఖాళీ.

మారతహళ్లి_రఘు:
చూశారా. x, 2y సమానం కావు కాబట్టి ఈ అసమానత ఇక పనికిరాదు. కలనం వాడాల్సిందే.

లెక్కల_పిచ్చి:
450 దాటదన్న మాట ఇప్పటికీ నిజమే రఘు గారూ, కాకపోతే అక్కడికి చేరలేం. చేరలేనప్పుడు రెండు ముక్కల తేడాను వీలైనంత తగ్గించాలి. x 24 దాటకూడదు కాబట్టి దాన్ని 24 దగ్గరే ఉంచితే 2y = 36. 30 నుంచి 6 దూరం. 900 − 36 = 864, సగం 432. గోడ వెంట 24, లోపలికి 18.

సిల్క్‌బోర్డ్_శిరీష:
గోడ అయిపోయాక కూడా వల సాగించొచ్చుగా? గోడ పక్కనే మిగిలిన భాగానికి వల కడితే సరి.

లెక్కల_పిచ్చి:
శిరీష గారూ, ఇది నేను ఆలోచించలేదు, బాగా పట్టుకున్నారు. అప్పుడు గోడ వైపు x − 24 అడుగుల వల కావాలి. మొత్తం 2x − 24 + 2y = 60, అంటే x + y = 42. ఇప్పుడు జత x, y. రెండూ 21 కావాలనుకుంటాయి. కానీ గోడ దాటామంటే x 24 కన్నా పెద్దది. 21 నుంచి దూరం జరిగేకొద్దీ తగ్గుతుంది కాబట్టి మళ్ళీ 24 దగ్గరే ఆగాలి, 432 దగ్గరే.

గోడ 12 అడుగులే అయితే మాత్రం మీ మాటే నెగ్గేది. x + y = 36, కాబట్టి 18 x 18 = 324. గోడ వరకే ఆగితే 12 x 24 = 288. ఈ 60 అడుగుల వలకు హద్దు 20 అడుగుల గోడ. అంతకన్నా పొట్టిదైతే గోడ దాటి చతురస్రం కట్టాలి. 20 నుంచి 30 వరకు గోడ ఎంతుంటే అంతే. 30 దాటితే 30, 15.

మారతహళ్లి_రఘు:
అంటే చతురస్రం కూడా ఒకచోట నిజమే!

లెక్కల_పిచ్చి:
నిజమే. అలా కట్టినప్పుడు పొడవు, వెడల్పుల మొత్తం కదలదు కాబట్టి.

థర్టీ_ఫార్టీ:
ఇంతకీ నా సైటు 30 x 40 ఉంచుకోవచ్చన్నమాట.

హోస్కోటె_గోంగూర:
కట్టేశానండీ. రెండు చివర్లా గుంజకు చుట్టడానికి అరడుగు చొప్పున పోయింది, మిగిలింది 59. గోడ వెంట 24, లోపలికి 17న్నర, 420 చదరపు అడుగులు. అమ్మాయి ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది: మూలలు లేకుండా వలను విల్లులా వంచి గోడ రెండు చివర్లకూ కడితే ఇంకా ఎక్కువ వస్తుందా అని. గోడ పొడవుగా ఉంటే అర్ధవృత్తం అని నాకూ తెలుసు, 60 అడుగుల వలకైతే దానికి 38 అడుగులకు పైనే గోడ కావాలి. 24 అడుగుల గోడకు ఎంత వంపు, ఎంత చోటు?