ప్రొజెక్టైల్ లెక్కకి ఎనర్జీ చెక్ ఒక్కటి సరిపోతుందా?

ఇంటర్_ఫస్టియర్: 40 మీటర్ల బిల్డింగ్ మీంచి బంతిని 20 మీ/సె వేగంతో, అడ్డగీతకి 30° పైకి విసిరారు. g = 10. నేల మీద పడటానికి నాకు 2 సెకన్లు వచ్చింది, మా ఫ్రెండ్‌కి 5.05, కీలో 4. ఎనర్జీతో చూస్తే ఇద్దరికీ చివరి వేగం 34.6 కరెక్ట్‌గానే వస్తోంది. మరి తప్పు ఎక్కడ?

వైజాగ్_కుర్రోడు: ఎనర్జీ సరిపోయిందంటే లెక్క కరెక్టే బ్రో, కీ తప్పయి ఉంటుంది. కీలలో తప్పులు మామూలే.

ఫిజిక్స్_మేడమ్: కాదు బాబూ, ఎనర్జీకి దిక్కుతో పని లేదు. 20 మీ/సె తో పైకి విసిరినా, కిందికి విసిరినా, ఏ కోణంలో విసిరినా 40 మీటర్లు దిగేసరికి వేగం 34.6 అవుతుంది. అందుకే అది మీ ఇద్దరి తప్పునీ పట్టుకోలేదు. నువ్వు 40 = 10t + 5t² అని రాసి ఉంటావు. కిందికి ప్లస్ తీసుకుని g కి ప్లస్ పెట్టావు, పైకి వెళ్లే 10 కి మైనస్ పెట్టలేదు. అది బంతిని కిందికి విసిరిన లెక్క. ఊరికే వదిలేసినా 40 మీటర్లు పడటానికి √8, అంటే 2.83 సెకన్లు పడుతుంది. పైకి విసిరింది అంతకంటే ముందు ఎలా పడుతుంది? ఇక మీ ఫ్రెండ్ నిలువు భాగానికి 20 cos 30°, అంటే 17.3 వేశాడు. 30° అంటే బంతి పైకంటే పక్కకే ఎక్కువ పోవాలి, కాబట్టి పెద్ద అంకె అడ్డానికి, 10 నిలువుకి. అప్పుడు −40 = 10t − 5t², t = 4, దూరం 69.3 మీటర్లు.

గుంటూరు_నాన్న: మా అమ్మాయికి కోచింగ్‌లో అడ్డానికి ఎప్పుడూ cos అని బట్టీ పట్టించారు. మొన్న పేపర్‌లో కోణం నిట్టనిలువు నుంచి ఇచ్చారట, మొత్తం తారుమారైంది. అలాంటప్పుడు ఏం చేయాలి మేడమ్?

ఫిజిక్స్_మేడమ్: కోణాన్ని సున్నా చేసి చూడమనండి. నిలువు నుంచి 0° అంటే బంతి నేరుగా పైకి పోవాలి, అడ్డ భాగం సున్నా కావాలి. cos 0° ఒకటి కదా, కాబట్టి అక్కడ అడ్డానికి sin వేయాలి. ఇంకో మాట, చదును నేల మీద రేంజ్ అడిగితే sin, cos మార్చేసినా జవాబు అదే వస్తుంది. 30°కి, 60°కి రేంజ్ ఒకటే. ఆ లెక్కల్లో ఈ తప్పు బయటపడేది కాలంలోనో ఎత్తులోనో మాత్రమే.

వైజాగ్_కుర్రోడు: సరే మేడమ్, వేగం ఒకటే అని ఇప్పుడు అర్థమైంది. కానీ నేను మాత్రం కిందికే ప్లస్ పెడతాను, g తో గొడవ ఉండదు.

ఫిజిక్స్_మేడమ్: గొడవ u దగ్గరికి మారుతుంది అంతే. ఈ అబ్బాయి దొరికిపోయింది అక్కడే. నేనైతే పైకే ప్లస్ అంటాను.

వైజాగ్_కుర్రోడు: బిల్డింగ్ మీంచి అడ్డంగా విసిరిన లెక్కల్లో నిలువు u సున్నాయే కదా, అక్కడ నా పద్ధతే సుఖం. ఎంసెట్‌లో టైమ్ ముఖ్యం.

ఇంటర్_ఫస్టియర్: మేడమ్, సరైన సమీకరణంలో రూట్లు 4, −2. నాకు వచ్చినవి 2, −4. ప్రతిసారీ ఇలాగే గుర్తులు తిరగబడతాయా?