ఏ2 డ్రాయింగ్‌ను ఏ3లో ప్రింట్ తీస్తే స్కేల్ ఎంత?

అనంత జూనియర్: అన్నా, ఒక స్కూలు బిల్డింగ్ ప్లాన్ ఏ2 షీట్‌కు 1:100లో గీసి ఉంది. మా ఆఫీసులో ఏ3 ప్రింటరే ఉంది. ఫిట్ కొట్టి తీస్తే కింద స్కేల్ ఎంత రాయాలి? ఇక్కడ ఇద్దరు సీనియర్లు రెండు రకాలుగా చెప్తున్నారు.

బురుజు పక్కన (కర్నూలు): 1:200 రాసెయ్ తమ్ముడూ. ఏ2లో సగమే కదా ఏ3. ఏ1 నుంచి ఏ3కి నేనెప్పుడూ రెండింతలే రాస్తా, కొలిస్తే సరిగ్గానే వస్తుంది.

పెన్నా గట్టు (కడప): ఏ1 నుంచి ఏ3కి మీరన్నది నిజమే, అక్కడ రెండు మెట్లు దిగుతున్నాం: 841 మి.మీ. పొడవు 420 అవుతుంది. ఏ2 నుంచి ఏ3కి దిగేది ఒక్క మెట్టే. సగమయ్యేది కాగితం వైశాల్యం, గీత పొడవు కాదు. 594 కాస్తా 420 అవుతుంది, అంటే 0.707 వంతు. 100ను 0.707తో భాగిస్తే 141. 1:200 అని రాశామనుకోండి, 10 మీటర్ల గోడ కాగితం మీద 70.7 మి.మీ. ఉంటుంది. స్కేలు పట్టినోడు దాన్ని 14 మీటర్లకు పైగా చదువుతాడు.

అలాగని 1:141 అని రాసినా పూర్తిగా నిజం కాకపోవచ్చు. ప్రింటర్ అంచుల దాకా ఇంకు వెయ్యలేదు కాబట్టి `Fit` పెడితే ఇంకొంచెం కుదించేస్తుంది. ప్రింట్ తీశాక, కొలత రాసి ఉన్న గోడ ఒకటి చూసి స్కేలు పెట్టు. 10 మీటర్ల గోడ 68.5 మి.మీ. వచ్చిందంటే, 10000ను 68.5తో భాగించు. నీ కాగితం 1:146.

చెరువు కింద మడి: సార్, ఇందుకేనేమో నాకు తలనొప్పి వచ్చింది. మా ఊరి నక్షా ఏ3 కాపీని జిరాక్స్‌లో ఏ4కి తగ్గించుకున్నా. దాని మీద పాత స్కేల్‌తోనే లెక్కేస్తే రెండెకరాల చేను ఎకరా అయింది. మా అన్నదమ్ముల మధ్య ఒకటే టెన్షన్. సర్వేయర్ తప్పు చేశాడా?

పెన్నా గట్టు (కడప): సర్వేయర్‌ది కాదు, జిరాక్స్‌ది. పక్క, పొడవు రెండూ 0.707 వంతు అయ్యాయి కాబట్టి వైశాల్యం సగమైంది. హద్దుల గొడవను మాత్రం జిరాక్స్ కాపీ మీద తేల్చుకోకండి.

అనంత జూనియర్: అయితే 1:146 అని రాసేయనా?

పెన్నా గట్టు (కడప): రాయొద్దు. ఆ స్కేల్ ఏ స్కేలు బద్ద మీదా ఉండదు. క్యాడ్ ఫైల్ నీ దగ్గరుంటే కొత్తగా ప్లాట్ తియ్యి. బిల్డింగ్ సైజు ఎంత?

అనంత జూనియర్: బయటి కొలతల గీతలతో కలిపి 48 మీటర్లు, 30 మీటర్లు.

పెన్నా గట్టు (కడప): ఏ3లో ఎడమ 20, మిగతా మూడు వైపులా 10 మి.మీ. అంచు వదిలితే 390, 277 మిగులుతాయి. కింద టైటిల్ పట్టీకి 40 పోతే ఎత్తు 237. ఇప్పుడు 48000ను 390తో భాగిస్తే 123, 30000ను 237తో భాగిస్తే 126.6. రెండింట్లో పెద్దదే లెక్క. పొడవు ఒక్కటే చూసుకుని 1:125 పెడితే ఎత్తు 240 అవుతుంది, కింది గీతలు 3 మి.మీ. టైటిల్ పట్టీలోకి దూరతాయి. అందుకే 1:150 తీసుకో. బొమ్మ 320, 200 వస్తుంది, హాయిగా కూర్చుంటుంది. ఫైల్ మిల్లీమీటర్లలో గీసుంటే ప్లాట్ విండోలో `Fit to paper` టిక్ తీసేసి `1 mm = 150 units` పెట్టు. పీడీఎఫ్ నుంచి ప్రింట్ తీసేటప్పుడు `Actual size` ఉండాలి, లేదంటే పడ్డ కష్టమంతా అక్కడ పోతుంది.

సైట్ మేస్త్రీ: ఇంత గొడవ ఎందుకు సార్? ఫిట్ కొట్టి, కింద స్కేల్ బార్ గీస్తే చాలు. బొమ్మతో పాటే అదీ చిన్నదవుతుంది, అబద్ధం చెప్పదు. అయినా సైట్‌లో రాసిన కొలతే చూస్తాం, ప్లాన్ మీద టేపు ఎవరు పెడతారు?

బురుజు పక్కన (కర్నూలు): పెడతారు మేస్త్రీ, నేను చూశా. కిటికీ కొలత రాయడం మరిచిపోయుంటే టేపే పెడతారు.

పెన్నా గట్టు (కడప): స్కేల్ బార్ మంచిదే, 1:150 ప్లాట్ మీదా ఉండనీ. ఫిట్‌తో నాకు ఇంకో ఇబ్బంది అక్షరాలు. ఏ2 మీద 2.5 మి.మీ. ఉన్న అంకెలు ఏ3కి వచ్చేసరికి 1.8 దగ్గరికి పడిపోతాయి. దుమ్ము పట్టిన జిరాక్స్‌లో 3, 8 ఒకేలా కనిపిస్తాయి. కొత్త ప్లాట్‌లో అక్షరాల ఎత్తు మళ్లీ 2.5 వచ్చేలా పెంచుకో.

సైట్ మేస్త్రీ: 1:150 అంటే మా దగ్గరున్న ముక్కోణం స్కేలులో లేదు. 1:200 పెడితే కనీసం చదవగలం.

పెన్నా గట్టు (కడప): 1:200లో బొమ్మ 240, 150 అవుతుంది. కాగితం సగానికి పైగా ఖాళీ, గదుల కొలతలు ఇరుకు. నేనైతే 1:150కే ఓటేస్తా.

బురుజు పక్కన (కర్నూలు): నాకు మేస్త్రీ మాటే నచ్చింది. జూనియర్, మీ సైట్ వాళ్ల దగ్గర ఏ స్కేలుందో ముందు అడుగు.