మెడ టక్కుమనిపించుకోవడం: నిజంగా రిస్కా, వాట్సాప్ భయమా?

కూకట్‌పల్లి కిరణ్: నెలకోసారి సెలూన్‌లో కటింగ్ అయ్యాక హెడ్ మసాజ్ చేసి, చివర్లో గడ్డం పట్టుకుని అటోసారి ఇటోసారి టక్కుమనిపిస్తాడు, ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు లాప్‌టాప్ పనితో మెడ పట్టేసి, మెడా వెన్నూ చేత్తో టక్కుమనిపించి వైద్యం చేసే కైరోప్రాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మా ఆవిడేమో పక్షవాతం వస్తుందట, వద్దంటోంది. నిజమేనా?

భీమవరం బాబాయ్: 30 ఏళ్ళుగా మా మంగలి తిప్పుతూనే ఉన్నాడు, నాకేం కాలేదు, మా నాన్నకీ కాలేదు. కంప్యూటర్లు వచ్చాకే ఈ మెడ నొప్పులన్నీ. దిండు తీసేసి పడుకో, నాలుగు రోజుల్లో పోతుంది.

న్యూరో పీజీ: బాబాయ్ గారూ, ఆయన అడిగింది దిండు గురించి కాదండీ 🙂 మెడ వెనక వైపు రెండు రక్తనాళాలు ఎముకల్లో ఉన్న రంధ్రాల గుండా పైకెళ్ళి, అన్నిటికన్నా పై ఎముక దగ్గర ఒక వంపు తిరిగి పుర్రెలోకి వెళ్తాయి. మనం తల పక్కకి తిప్పేదాంట్లో దాదాపు సగం ఆ పై రెండు ఎముకల మధ్యే జరుగుతుంది, అందుకే కుడికి తిప్పితే ఎడమ నాళం సాగుతుంది. మనంతట మనం తిప్పుకుంటే నొప్పి దగ్గర ఆగిపోతాం. వేరేవాళ్ళు చివరిదాకా తిప్పి అక్కడ ఒక్క కుదుపు ఇస్తే ఆపుకునే టైమ్ ఉండదు. ఎప్పుడో ఒకరికి నాళం లోపలి పొర చిరిగి, రక్తం గోడలోకి దూరి, అక్కడ గడ్డ కట్టి ఆ ముక్క చిన్నమెదడుకో మెదడు కాండానికో వెళ్తుంది. అరుదే, కాదనను. ఏ కారణంతోనైనా సరే మెడ నాళం ఇలా చిరగడం ఏడాదికి లక్ష మందిలో ఇద్దరు ముగ్గురికి కనబడుతుంది. కానీ 45 లోపు వాళ్ళకొచ్చే స్ట్రోకుల్లో మాత్రం ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

హ్యూస్టన్ హరి: ఇదే సగం కథ అంటా నేను. కెనడాలో ఆంటారియో స్టడీ 2008లో వచ్చింది, తొమ్మిదేళ్ళ డేటాలో ఈ రకం స్ట్రోకులు 818 దొరికాయి, 45 లోపు వాళ్ళు స్ట్రోక్‌కి ముందు కైరోప్రాక్టర్‌ని కలిసినట్టే ఫ్యామిలీ డాక్టర్‌నీ కలిశారు. డాక్టర్ మెడ తిప్పడు కదా! అంటే నాళం ముందే చిరిగింది, ఆ నొప్పితోనే ఇద్దరి దగ్గరికీ వెళ్ళారు. కైరోప్రాక్టర్‌కి అనవసరంగా చెడ్డపేరు. నేను ఆరేళ్ళుగా వెళ్తున్నా.

న్యూరో పీజీ: హరి గారూ, స్టడీ నిజమే, మీరు చెప్పిన అర్థమూ చాలావరకు సరైనదే. కానీ దాన్నుంచి "తిప్పినా ఏం కాదు" అని రాదు. నాళం చిరిగినప్పుడు మొదట వచ్చేది మెడ నొప్పే. అలా చిరిగిన మెడతో వచ్చినవాణ్ణి డాక్టర్ పారాసెటమాల్ రాసి పంపుతాడు, రెండోచోట అదే మెడని గట్టిగా తిప్పుతారు, గోడలో ఉన్న గడ్డ కదలడానికి అంతకన్నా ఏం కావాలి. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు కూడా సంబంధం ఉంది, కారణం అని నిరూపణ కాలేదు, కాబట్టి చేసే ముందు పేషెంట్‌కి చెప్పండి అన్నారు. ఆరేళ్ళలో మీకెవరైనా చెప్పారా?

హ్యూస్టన్ హరి: ఫామ్ మీద సంతకం పెట్టించుకున్నారు. చదవలేదు, ఒప్పుకుంటా.

డల్లాస్ శ్రీలక్ష్మి: మావారి సంగతి చెప్తాను, వయసు 38. వీకెండ్‌లో ఇల్లు మారుతూ సోఫా మోశారు, సోమవారం నుంచి ఎడమవైపు మెడలోంచి తల వెనక్కి నొప్పి, ఎప్పుడూ ఇలాంటి నొప్పి రాలేదు అన్నారు. గురువారం కైరోప్రాక్టర్ రెండువైపులా తిప్పారు, అప్పటికి బాగానే ఉంది. శనివారం పొద్దున్న లేవగానే గది గిర్రున తిరుగుతోందని వాంతులు, ఎక్కిళ్ళు ఆగట్లేదు, గొంతు బొంగురు, మంచినీళ్ళు తాగితే పొలమారుతోంది. మూతి వంకరపోలేదు, చెయ్యి పడిపోలేదు, అందుకే నేను ఫుడ్ పాయిజన్ అనుకుని మధ్యాహ్నం దాకా ఓఆర్ఎస్ తాగించాను. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎమర్జెన్సీలో మామూలు సీటీ బాగుందన్నారు, నడిపించి చూస్తే ఒకవైపుకి తూలిపోతున్నారని రంగు ఎక్కించి మెడ నాళాల స్కాన్ తీశారు, అప్పుడు దొరికింది. ఆరు నెలలు రక్తం పలచబడే మందు వాడారు. ఇప్పుడు నడుస్తారు, కానీ మొహం ఒకవైపు వేడి చల్లన సరిగ్గా తెలీదు. సోఫా వల్లా, తిప్పడం వల్లా?

న్యూరో పీజీ: అక్కా, నిజం చెప్పాలంటే ఎవరూ తేల్చలేరు. సోమవారం నొప్పి చూస్తే సోఫా రోజే చిరిగి ఉండొచ్చు, గురువారం తిప్పడంతో పెద్దదై ఉండొచ్చు. ఆ గురువారం "ఇంతకుముందు ఎప్పుడూ రాని, ఒకవైపు నొప్పి" అన్న మాట దగ్గరే చెయ్యి ఆగాల్సింది. ఓఆర్ఎస్ గురించి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, 2022లో మన హైదరాబాద్‌లో 50 ఏళ్ళావిడకి బ్యూటీ పార్లర్‌లో జుట్టు కడిగేటప్పుడు మెడ వెనక్కి వాల్చాక ఇలాగే తల తిరిగి వాంతులైతే ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళారు, మర్నాడు తూలుతుంటే ఎమ్మారైలో చిన్నమెదడు స్ట్రోక్ అని తెలిసింది. ఆవిడ మెడని ఎవరూ విరవలేదు కూడా. మెడ నొప్పికి తోడు తూలడం, ఒకటి రెండుగా కనబడటం, రెప్ప వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, వీటిల్లో ఏదొచ్చినా 108కి ఫోన్ చేయాలి, రాత్రికి చూద్దాం అనుకోకూడదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే టైమ్.

భీమవరం బాబాయ్: మరి టక్కుమన్నప్పుడు ఎముక సర్దుకుంటుంది కదమ్మా?

ఫిజియో పద్మ: ఎముకేం సర్దుకోదు బాబాయ్ గారూ. కీలులో ద్రవం ఉంటుంది, ఒక్కసారి లాగితే అందులో గాలి బుడగ ఏర్పడుతుంది, మెటికలు విరిచినప్పుడు వచ్చే శబ్దం కూడా అదే. కాసేపు కండరం వదులై హాయిగా ఉంటుంది, మళ్ళీ పట్టేస్తుంది, మళ్ళీ వెళ్తారు. కొన్నిచోట్ల ముందు తల తిప్పి పట్టుకుని "కళ్ళు తిరుగుతున్నాయా" అని టెస్ట్ చేస్తారు, అది ఓకే అయినంత మాత్రాన సేఫ్ అనుకోవద్దు, ఎవరికి చిరుగుతుందో ఆ టెస్ట్ చెప్పలేదు.

కిరణ్ గారూ, 2012లో మెడనొప్పి ఉన్న 272 మందిని మూడు గుంపులు చేసి ఒక గుంపుకి మెడ తిప్పడం, ఇంకో గుంపుకి మందులు, మూడో గుంపుకి ఇంటి వ్యాయామం ఇచ్చారు. 12 వారాలకి తిప్పించుకున్నవాళ్ళూ ఇంట్లో చేసుకున్నవాళ్ళూ దాదాపు ఒకేలా ఉన్నారు, మందులవాళ్ళు వెనకబడ్డారు. ఆ వ్యాయామం కూడా బ్రహ్మవిద్యేం కాదు, గడ్డాన్ని లోపలికి లాక్కోవడం, మెల్లగా అటూ ఇటూ తిప్పడం, భుజాలు వెనక్కి లాగడం, ఒక్కోటి 5 నుంచి 10 సార్లు, రోజుకి 6 నుంచి 8 విడతలు. నొప్పి పెరిగేదాకా పోకూడదు, కుదుపు అసలొద్దు. చేత్తో చేయించుకోవాలనే ఉంటే కుదుపు లేకుండా మెల్లగా కీలు కదిపే పద్ధతి అడగండి, ముందే "మెడ తిప్పొద్దు" అని చెప్పండి. చేతులకి తిమ్మిరి, బలం తగ్గడం, జ్వరం, ఈమధ్య దెబ్బ తగలడం ఉంటే ఇవేవీ మొదలుపెట్టకుండా డాక్టర్‌కి చూపించండి.

హ్యూస్టన్ హరి: కరెక్టుగా నేర్చుకున్నవాడు చేస్తే ఇంత భయం అక్కర్లేదనే నేను ఇప్పటికీ అంటా. సెలూన్ వేరు, అక్కడ మాత్రం నేనూ వద్దంటా.

న్యూరో పీజీ: చదువుకున్నవాడికైనా నాళం గోడ బలహీనంగా ఉందని బయటికి తెలీదు హరి గారూ, అక్కడే మనిద్దరికీ కుదరట్లేదు.

కూకట్‌పల్లి కిరణ్: అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసి ఫిజియోకి తీసుకున్నా. నా నొప్పి రెండువైపులా ఉంది, ఏడాదిగా ఉంది, కొత్తదేం కాదు. సెలూన్‌లో మాత్రం మనవాడు అడగడు, నేను కళ్ళు మూసుకుని ఉండగానే గడ్డం పట్టేస్తాడు, ఈసారి కుర్చీ ఎక్కేముందే చెప్పాలి. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించట్లేదు 😅