నిద్ర పట్టని లింఫోమా రోగి: నోట్‌లో 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అని రాయవచ్చా?

సైకియాట్రీ పీజీ, రెండో ఏడాది
క్యాన్సర్ వార్డు నుంచి రిఫరెన్స్ వచ్చింది. 46 ఏళ్ల రైతు, లింఫోమా, ఆర్-చాప్ అనే కీమో రెండో సైకిల్. మూడు రాత్రులుగా నిద్ర లేదు, ఏడుస్తున్నాడు. నేను చూసి, వచ్చిన కష్టానికి మనసు తట్టుకోలేకపోతోందని 'అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్' అని రాసి, రాత్రి నిద్రకు క్లోనజెపాం 0.5 మిల్లీగ్రాములు పెట్టాను. ఆంకాలజీ సార్ "క్యాన్సర్ అంటే ఎవరు ఏడవరు? దానికి ఇంకో జబ్బు పేరెందుకు?" అన్నారు. నేను రాసింది తప్పా?

మందుల షాపు, 12 ఏళ్ల అనుభవం
తప్పే. క్లోనజెపాం ఒక్కసారి మొదలుపెడితే మనిషి వదలడు, నా కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నాను. ఆర్-చాప్‌లో ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది కదా, రోజుకు 100 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. నిద్ర పోయింది దానివల్లే. అది ఆపేయమనండి, నిద్ర అదే వస్తుంది.

లైజన్ సైకియాట్రీ, జనరల్ ఆసుపత్రి
సగం సరిగ్గా చెప్పారు. స్టెరాయిడ్ నిద్రను చెడగొడుతుంది, నిజమే. కానీ ఆర్-చాప్‌లో అది వాంతులకు ఇచ్చే పైమందు కాదు, లింఫోమా కణాలను చంపే మందుల్లో అదీ ఒకటి. ఆపమనే హక్కు మనకు లేదు. ఏ టైముకు ఇస్తున్నారో అడిగే హక్కు ఉంది.

పీజీ గారూ, రోగిని చూసింది సైకిల్‌లో ఎన్నో రోజున? స్టెరాయిడ్ ఎన్ని గంటలకు వేస్తున్నారు? మీ నోట్‌లో ఈ రెండూ ఉన్నాయా?

నాన్న కోసం వచ్చాను
మా నాన్నకు క్యాన్సర్ అని మేం చెప్పనే లేదు, "గడ్డ" అన్నాం. ఆయన హాయిగా పడుకునేవారు. ఈయనకు ఎందుకు చెప్పారు? చెప్పబట్టే కదా ఈ ఏడుపు? పైగా పిచ్చి డాక్టర్ వచ్చి చూశాడని తెలిస్తే పక్క మంచాలవాళ్లు ఏమనుకుంటారు?

లైజన్ సైకియాట్రీ, జనరల్ ఆసుపత్రి
బాబూ, చెప్పాలా వద్దా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. ఈయనకు తెలుసు. మీ నాన్నగారి సంగతి మీకే బాగా తెలుస్తుంది, నేను తప్పుపట్టను. పక్క మంచాల మాట మాత్రం నిజం. అందుకే నేను వెళ్లినప్పుడు "నిద్ర గురించి అడగడానికి వచ్చాను" అనే మొదలుపెడతాను. ఆ మాట అబద్ధం కాదు, మనిషి తలుపు తీస్తాడు.

సైకియాట్రీ పీజీ, రెండో ఏడాది
చూసింది నాలుగో రోజున, మేడమ్. నోట్‌లో "రెండో సైకిల్" అని మాత్రమే రాశాను. స్టెరాయిడ్ టైము అడగలేదు.

వార్డు సిస్టర్
సార్, రాత్రి డ్యూటీ చేసే మాకు ఇది రోజూ కనిపిస్తుంది. మీకు రిఫరెన్స్ పంపిన మా వార్డులో ఆ 100 మిల్లీగ్రాములు రెండు పూటలకు పంచుతారు, పొద్దున 50, రాత్రి తొమ్మిదింటికి 50. మీరు చూసిన రోగికీ అలాగే ఉండొచ్చు, మందుల చార్ట్ తిప్పి చూడండి. పదిన్నరకు సెలైన్ మారుస్తాం, నాలుగింటికి రక్తం తీస్తాం. ఇంకొకటి, స్టెరాయిడ్‌తో షుగర్ పెరిగి నాలుగైదుసార్లు బాత్రూమ్‌కు లేచేవాళ్లు ఉంటారు. వాళ్లు "నిద్ర లేదు" అంటారే గానీ బాత్రూమ్ సంగతి డాక్టర్‌కు చెప్పరు.

సైకియాట్రీ పీజీ, రెండో ఏడాది
సిస్టర్ గారూ, ఇప్పుడే చూసి వచ్చాను. రాత్రి తొమ్మిదింటికి 50. నిన్న రాత్రి షుగర్ 290. ఇంతకుముందు షుగర్ లేని మనిషి. నాలుగుసార్లు లేచాడని భార్య చెప్పింది.

లైజన్ సైకియాట్రీ, జనరల్ ఆసుపత్రి
అయితే ఆ నిద్రలేమికి కనీసం మూడు కారణాలున్నాయి. మీ నోట్‌లో ఒక్కటే ఉంది. నేనైతే ఇలా వెళ్తాను.

ముందు, ఇది మనసు బాధేనా, ఇంకేదైనానా? నిద్ర లేకపోయినా అలసట లేకుండా, ఎక్కువగా మాట్లాడుతూ, రాత్రి రెండింటికి ట్రాక్టర్ కొనే ప్లాన్లు వేస్తుంటే అది స్టెరాయిడ్ తెచ్చిన ఉద్రేకం. 1972లో బోస్టన్ పరిశీలనలో రోజుకు 40 మిల్లీగ్రాములలోపు తీసుకున్నవాళ్లలో 1.3 శాతం మందికే మానసిక లక్షణాలు వచ్చాయి, 80 దాటినవాళ్లలో 18.4 శాతం మందికి. మీ రోగి 100 మీద ఉన్నాడు. నెలల పేర్లు వెనక నుంచి చెప్పలేకపోతే, పగలు మగతగా ఉండి రాత్రి గందరగోళపడితే డెలీరియం. ఆర్-చాప్‌లోని విన్‌క్రిస్టిన్ మందు రక్తంలో సోడియం తగ్గించగలదు కాబట్టి ఆ రిపోర్టు కూడా చూడాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. ఏ జవాబు వచ్చినా నోట్‌లో రాయాలి.

ఇవేవీ లేకపోతే మందు కంటే ముందు టైము మార్చండి. మొత్తం 100 పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి ఇవ్వవచ్చా అని ఆంకాలజీని అడగండి, చాలాచోట్ల అలాగే ఇస్తారు. షుగర్‌కు మెడిసిన్ వాళ్లను పిలవండి. నాలుగింటి రక్తం ఆరింటికి జరపమనండి.

క్లోనజెపాం విషయంలో నా భయం అలవాటు ఒక్కటే కాదు. అది ఒంట్లో ఒక రోజుకు పైగా ఉంటుంది. విన్‌క్రిస్టిన్‌తో అరికాళ్లు మొద్దుబారిన మనిషి, రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి, మత్తులో పడిపోతాడు. మార్ఫిన్ నడుస్తుంటే ఊపిరి కూడా మందగిస్తుంది. ఇవ్వక తప్పకపోతే, అంతకంటే త్వరగా ఒంట్లోంచి పోయే లోరాజెపాం 0.5, స్టెరాయిడ్ ఉన్న రోజుల్లోనే, ఆపే తేదీ నోట్‌లో రాసి. ఆ తేదీ లేకే మందుల షాపు అన్నయ్య చెప్పిన గతి పడుతుంది. డిశ్చార్జ్ కాగితం మీద మాత్ర అలాగే ఇంటికి వెళ్లిపోతుంది.

ఆంకాలజీ రెసిడెంట్
ఇదంతా ఒప్పుకుంటాను. కానీ డయాగ్నసిస్ ఎందుకు, మేడమ్? వ్యాధి తెలిసి ఎన్నాళ్లో కాలేదు. బాధ సహజం. ఆ పేరు ఫైల్‌లో పడితే తర్వాత రోగి ఏ నొప్పి చెప్పినా "సైకియాట్రీ కేసు" అని కొట్టిపారేసేవాళ్లను చూశాను.

లైజన్ సైకియాట్రీ, జనరల్ ఆసుపత్రి
మీ భయం నాకూ ఉంది. కానీ ఏడవడం చూసి ఆ పేరు పెట్టరు. బాధ మామూలు కంటే మించి ఉండాలి, లేదా పనులు ఆగిపోవాలి. ఇతను తినడం మానేశాడా, తర్వాతి కీమో వద్దంటున్నాడా, భార్యతో మాట్లాడటం లేదా? అలాంటిదేదీ లేకపోతే మీ మాటే సరి. ఉంటే పేరు పెట్టకపోవడం వల్ల ఎవరూ మళ్లీ వచ్చి చూడరు. ఏదైనా నాలుగో రోజున తేల్చను. ఐదు రోజుల స్టెరాయిడ్ ఆగాక, సైకిల్‌లో ఆరో, ఏడో రోజున కొందరు బాగా కుంగిపోతారు, ఆ రోజు చూస్తే డిప్రెషన్ లాగే ఉంటుంది. పన్నెండో రోజున మళ్లీ చూడండి. అప్పుడు హాయిగా పడుకుంటే నిద్ర పోగొట్టింది ఎక్కువగా మందులే.

సైకియాట్రీ పీజీ, రెండో ఏడాది
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. క్లోనజెపాం ఆపేశాం. స్టెరాయిడ్ పూర్తయ్యాక షుగర్ దిగింది, బాత్రూమ్‌కు ఒక్కసారే లేస్తున్నాడు. మూడో సైకిల్‌కు స్టెరాయిడ్ మొత్తం పొద్దున ఎనిమిదింటికే ఇస్తామని సార్ రాశారు.

పన్నెండో రోజున ఇంటి నుంచి పిలిపించి చూశాను. పదింటికి నిద్ర పడుతోంది, మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆ టైములో ఏం ఆలోచిస్తారని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, కూతురి పెళ్లికి దాచిన డబ్బు రానుపోను ఖర్చులకు, బయట స్కాన్లకు అయిపోయిందని, ఆ సంగతి ఆమెకింకా తెలియదని చెప్పాడు. తింటున్నాడు, కీమోకు వస్తానంటున్నాడు. కానీ నెల రోజులుగా పొలం వైపు వెళ్లలేదు, ఫోన్ వస్తే తీయడం లేదు.

పాత నోట్ కొట్టేయలేదు, కింద తేదీ వేసి కొత్తది రాశాను: "నాలుగో రోజు నిద్రలేమికి స్టెరాయిడ్ టైము, షుగర్ ముఖ్య కారణాలు. అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ కావచ్చు, మూడో సైకిల్ పన్నెండో రోజున తిరిగి చూడాలి. మందు లేదు. వారానికోసారి కౌన్సెలింగ్, ఒకసారి కూతురితో కలిపి, రోగి ఒప్పుకుంటే."

ఆంకాలజీ రెసిడెంట్
"కావచ్చు" అన్నా డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేసేవాళ్లు ఆ మాట తీసేసి పేరు మాత్రమే ఎక్కిస్తారు. నేను ఇంకా ఒప్పుకోను.

వార్డు సిస్టర్
ఆ కూతురు మొన్న మందులు తీసుకోవడానికి వచ్చింది సార్. డబ్బు సంగతి ఆ పిల్లకు ఎప్పుడో తెలుసు. నాన్నకు చెప్పొద్దని నన్ను బతిమాలింది.

సైకియాట్రీ పీజీ, రెండో ఏడాది
సిస్టర్ గారూ, ఆ పిల్ల ఈసారి ఎప్పుడు వస్తుందో కనుక్కోగలరా? ముందు ఆమెతో విడిగా మాట్లాడతాను.